నాడి కలిసినా రక్తం చూడాల్సిందే

నాడీ దోషం లేదంటే పుట్టే పిల్లల రక్తానికి ఢోకా లేదని నమ్మి పెళ్లికి ముందు పరీక్ష మానేయడం ఎక్కడైనా తప్పే. సికిల్‌సెల్ ఉన్న కొయ్యూరు లాంటి మన్యం మండలాల్లో అది పిల్లల ప్రాణాల మీదికి తెస్తుంది.

36 గుణాల్లో నాడికే ఎక్కువ, 8. ఇరవై ఏడు నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున మూడు నాడులు చేశారు. ఇద్దరిదీ ఒకే నాడి అయితే సున్నా. ఇంటి దగ్గర పుట్టి, పుట్టిన వేళ ఎవరూ రాయని వాళ్లకు పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం కడతారు. సీత అంటే శతభిషం, ఆది నాడి. పాండు అంటే ఉత్తర, అదీ ఆది నాడే. సంబంధం తప్పిపోయింది. అదే పాండును ఇంట్లో రాజు అని పిలుస్తారనుకోండి. రాజు అంటే చిత్త, మధ్య నాడి. దోషం పోయింది! పిలుపు మారితే రక్తం మారుతుందా?

సికిల్‌సెల్ తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది. ఇద్దరూ ఏఎస్, అంటే వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. వాహకులు ఆరోగ్యంగానే కనిపిస్తారు కాబట్టి చూసి చెప్పలేం. వేలిమీద రక్తపు చుక్కతో చేసే తొలి పరీక్ష సికిల్ ఉందనే చెబుతుంది. ఏఎస్సా, ఎస్ఎస్సా తేలాలంటే హెచ్‌పీఎల్‌సీ చేయించాలి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద ఈ పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఇద్దరూ ఏఎస్ అని తేలినా పెళ్లి ఆపనక్కర్లేదు. గర్భం మొదట్లోనే డాక్టరును కలిస్తే బిడ్డకు పరీక్ష చేయించుకోవచ్చు.

జాతకంలోని మిగతా దోషాలదీ ఇదే తీరు. మూలా నక్షత్రపు కోడలు మామగారికి గండమన్నది ఆడపిల్లల ఉసురు పోసుకునే మాట, అంతే. కుజదోషానికి లగ్నం నుంచి పన్నెండు ఇళ్లలో అయిదు లెక్కిస్తారు, అంటే పదిమందిలో నలుగురికి ఉన్నట్టే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ‘జాతకాలు కుదరలేదు’ అంటే అవతలివాళ్లను నొప్పించకుండా సంబంధం వదులుకోవచ్చు. ఆ వెసులుబాటు మన పెద్దలకు కావాలి.

అందుకే జాతకం వద్దన్న సంగతి మధ్యవర్తి చేతికి కాగితం వెళ్లకముందే చెప్పండి. పాయింట్లు తక్కువ వచ్చాక చెబితే ప్రేమ కోసం అడ్డం తిరిగాడంటారు. నలుగురిలో కాకుండా ముందు అమ్మకో, మేనమామకో చెప్పండి: “అమ్మా, ముహూర్తం నువ్వు పెట్టించిందే. పూజలన్నీ నీ ఇష్టం. గుణాలు లెక్కపెట్టి మాత్రం మనిషిని కాదనొద్దు. ఇద్దరి రక్త పరీక్ష కాగితాలు చూద్దాం.” నమ్మకం తప్పని వాదనకు దిగితే మాట అక్కడే ఆగిపోతుంది. పుట్టిన వేళ మార్చి కుదిర్చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రేపు ఇంట్లో ఏ కష్టం వచ్చినా దొంగ జాతకంతో వచ్చిందని కోడలినే అంటారు.