మెరిసే కార్డుకి ముందు కాగితం, తర్వాతే డిజైన్

విజిటింగ్ కార్డు చేయించుకుందామని ప్రెస్సుకి వెళితే ముందుగా నమూనాల ఆల్బమ్ చేతికిస్తారు. ఒక కార్డు మీద పేరు బంగారు రంగులో తళతళలాడుతుంది. ఇంకోదాని మీద గుర్తు ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది. మరోదానిలో నల్లటి మసక నేల మీద అక్షరాలు మాత్రమే నిగనిగలాడతాయి. మొదటిది ఫాయిల్, రెండోది ఎంబాసింగ్, మూడోది స్పాట్ వార్నిష్. ఈ మూడోదాన్ని మన ప్రెస్సుల్లో స్పాట్ యూవీ అంటారు. చాలామంది వీటిలో కంటికి నచ్చింది చూపించేసి, కాగితం సంగతి ప్రెస్సువాళ్లకే వదిలేస్తారు. కానీ ఏ కాగితం మీద ఏది నిలుస్తుందో తెలిస్తే సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

ఎంబాసింగ్‌లో రెండు అచ్చులుంటాయి, ఒకటి గుంటది, ఒకటి ఉబ్బెత్తుది. కార్డుని ఈ రెండింటి మధ్య పెట్టి గట్టిగా నొక్కితే కాగితంలోని నార సాగి, ఆ ఆకారంలోనే నిలిచిపోతుంది. అందుకే దీనికి 300 జీఎస్ఎం, అంతకంటే మందమైన, పైపూత లేని కాగితం బాగుంటుంది. పలచటి కాగితం మీద ఉబ్బు త్వరగా అణగిపోతుంది. ముదురు రంగు నిండుగా అద్దిన చోట నొక్కితే అంచుల్లో రంగు పగిలి తెల్లని గీతలు పడతాయి. రంగేమీ వేయకుండా తెల్లకార్డు మీద చిన్న ముద్రని ఉబ్బిస్తే మాత్రం వెలుగునీడలతోనే కనిపిస్తుంది. లాయరుకో, ఆర్కిటెక్టుకో, డాక్టరుకో ఈ నిదానం చక్కగా నప్పుతుంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది: ముందు ఉబ్బితే వెనక అదే చోట గుంట పడుతుంది. వెనక చిరునామా అచ్చు వేయిస్తే ఆ అక్షరాలు వంకరపోతాయి. కొన్నిచోట్ల సిరా మీద పొడి చల్లి, వేడిచేసి ఉబ్బించిన అక్షరాలని కూడా ఎంబాస్ అనే అమ్ముతారు. కార్డు వెనక్కి తిప్పి తడిమి చూడండి. నున్నగా ఉంటే అది పొడి పని.

స్పాట్ యూవీ దీనికి పూర్తిగా వేరు. ఎంచుకున్న చోట మాత్రం పారదర్శకమైన వార్నిష్ వేసి, అతినీలలోహిత దీపం కింద నడిపితే వెంటనే గట్టిపడుతుంది. దాని అందమంతా చుట్టుపక్కల మసకగా ఉండడంలోనే ఉంది. కాబట్టి కింద మ్యాట్ లామినేషన్ ఉండాలి, రంగు ముదురుగా ఉంటే ఇంకా మంచిది. పైపూత లేని కాగితం వార్నిష్‌ని పీల్చేస్తుంది, మెరుపు రాదు. నిగనిగలాడే లామినేషన్ మీద వేస్తే వేసిందో లేదో కూడా తెలియదు.

ఫాయిల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు లిపికి చిక్కులు వచ్చేది ఇక్కడే. బంగారు ఫాయిల్‌లో బంగారం ఉండదు. పలచటి పాలిస్టర్ పొర మీద పసుపు ఛాయ లక్క, దానిపై అల్యూమినియం పూత, చివరన జిగురు. సుమారు 100 నుంచి 150 డిగ్రీల వేడి మీదున్న లోహపు బ్లాక్‌తో నొక్కితే ఆ పూత కాగితానికి అంటుకుని, పాలిస్టర్ పొర విడిపోతుంది. వేడి తక్కువైతే సన్నగీతలు తెగుతాయి. ఎక్కువైతే ఫాయిల్ అక్షరం గీత దాటి, పక్కనున్న సందుల్ని పూడ్చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో సందులు పెద్దవి, అంతగా బాధ ఉండదు. మనకి తలకట్టుకీ అక్షరానికీ మధ్య, అక్షరానికీ వత్తుకీ మధ్య ఉండేది వెంట్రుకవాసి జాగానే.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరులో చేనేత చీరల దుకాణానికి కార్డు కావాలి. పేరు 'శ్రీలక్ష్మి' అని మొదలవుతుంది. యజమానికి మూడు హంగులూ కావాలి: పేరు బంగారంలో, పద్మం ఉబ్బెత్తుగా, చుట్టూ జరీ అంచు నిగనిగలాడుతూ.

నేనైతే పద్మం ఉబ్బు వదిలేయమంటాను. వెనక చిరునామా, ఫోన్ నంబర్లు ఉన్నాయి, వాటి మీద గుంట పడుతుంది. 350 జీఎస్ఎం కార్డు మీద మెరూన్ రంగు, దానిపై మ్యాట్ లామినేషన్, పేరు ఫాయిల్‌లో, నేలంతా స్పాట్ యూవీ. ఆ యూవీ జరీ అంచులా వద్దు. వందల కార్డుల కట్టని కోసేటప్పుడు కత్తి అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో జరగడం మామూలే. అంచుకి సమాంతరంగా గీత ఉంటే ఆ తేడా వెంటనే కనిపెట్టేస్తారు. అదే చీర మీది బుటాలు నేలంతా చల్లితే కొంచెం జరిగినా ఎవరికీ తెలియదు.

ఇక పేరు. 'క్ష్మి'లో ఒకే అక్షరం కింద రెండు వత్తులు ఇరుక్కుంటాయి, పైన గుడి. 10 పాయింట్లలో పెడితే ఫాయిల్ పడ్డాక అదొక బంగారు ముద్దగా మిగులుతుంది. 18 పాయింట్లకి పెంచి, మరీ లావూ మరీ సన్నమూ కాని ఫాంటు తీసుకోవాలి. సరిపోయిందో లేదో చూడడానికి తేలిక దారి ఉంది. కోరల్‌డ్రాలో 0.3 మిల్లీమీటర్ల ఎర్రచుక్క గీసి, పేరులో అన్నిటికంటే ఇరుకైన సందులో పెట్టండి. చుక్క రెండు వైపులా అక్షరాన్ని తాకుతోందంటే ఆ సందు పూడుతుంది. వత్తుని కాస్త కిందికి జరపండి. అక్షరం గీత కూడా ఆ చుక్కకంటే సన్నంగా ఉండకూడదు. ఫోన్ నంబరు, క్యూఆర్ కోడ్ ఫాయిల్‌లో వద్దు. నంబరు మారితే కొత్త బ్లాక్ చేయించాలి, మెరిసే క్యూఆర్ కోడ్‌ని ఫోన్ కెమెరా చాలాసార్లు చదవలేదు.

ఫైలు తయారీలో సూత్రం మూడింటికీ ఒకటే. కార్డు 90×54 మిల్లీమీటర్లయితే కోతకోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు కలిపి పేజీని 96×60 పెట్టుకోవాలి. మొదటి పేజీలో ముందువైపు రంగులు, రెండో పేజీలో వెనకవైపు. మొదటి పేజీని అలాగే కాపీ చేసి, పేరు తప్ప అన్నీ తుడిచేస్తే మూడో పేజీ ఫాయిల్‌కి వస్తుంది. అలాగే బుటాలతో నాలుగో పేజీ యూవీకి. మళ్లీ కొత్తగా గీయకూడదు, గీస్తే స్థానం తప్పుతుంది. ఈ రెండు పేజీల్లో ఉన్నదంతా నిండు నలుపే కావాలి, అంటే C0 M0 Y0 K100. నీడలు, లేత ఛాయలు పనికిరావు, ఎందుకంటే బ్లాక్‌కి పడడం, పడకపోవడం తప్ప మధ్యస్థం లేదు. మొదటి పేజీలో పేరున్న చోట మెరూన్ రంగు నిండుగానే ఉండాలి, పేరు ఆకారంలో తెల్లగా వదలకూడదు. ఫాయిల్ కొంచెం జరిగితే ఆ తెలుపు అంచులో తొంగిచూస్తుంది.

అను ఫాంట్లతో పనిచేసేవాళ్లకి ఇంకో మాట. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు, ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. అందుకని పంపేముందు Ctrl+Q నొక్కి అక్షరాలని కర్వ్స్‌గా మార్చాలి, మార్చని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోవాలి. ఆ తర్వాత అక్షరాన్నీ వత్తునీ కలపడానికి చాలామంది Combine వాడతారు. రెండూ ఒకదానిమీదొకటి పడ్డ చోట అది తెల్లటి చిల్లు చేస్తుంది. తెరమీద చిన్నగా కనిపించి కన్నుగప్పినా బ్లాక్‌లో అలాగే దిగుతుంది. Weld వాడితే చిల్లు పడదు. పంపేది PDF అయినా సరే, 400 శాతం పెద్దది చేసి ఒక్కో అక్షరం చూడండి.

పని వరుస కూడా ప్రెస్సువాళ్లని అడిగి తెలుసుకోండి. అచ్చు, లామినేషన్, ఫాయిల్, యూవీ, ఎంబాసింగ్ ఉంటే అది, చివరికి కోత. యూవీ మీద మామూలు ఫాయిల్ సరిగా అంటదు. ఉబ్బిన కార్డు మీద యూవీ సమంగా పరుచుకోదు. కట్టంతా తీసుకునేముందు ఒక కార్డు మీద సెలోటేప్ అంటించి లాగండి. ఫాయిల్ పొట్టులా టేపుతో వచ్చేస్తే ఆ కార్డులు జేబులో నెలరోజులు కూడా నిలవవు, మళ్లీ వేయమని అడగండి. పని బాగుంటే బ్లాక్‌ని భద్రంగా ఉంచమని చెప్పండి, రెండోసారి కార్డులు వేయించేటప్పుడు ఆ ఖర్చు ఉండదు.