రెండు టికెట్ల మధ్య ఎంత వ్యవధి ఉండాలి?

గన్నవరం నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి టొరంటోకి వేరే టికెట్. ఇలా విడిగా కొంటే ఒక్కోసారి బాగానే డబ్బు మిగులుతుంది. ఒకే టికెట్ అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా మిమ్మల్ని ఇంకో విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడి టికెట్లలో ఆ బాధ్యత మీది. రెండో కంపెనీ లెక్కలో మీరు ‘నో షో’, అంటే చెప్పకుండా రాని ప్రయాణికులు. రానుపోను టికెట్ అయితే తిరుగు ప్రయాణం కూడా సాధారణంగా రద్దయిపోతుంది. నా దృష్టిలో అసలు దెబ్బ ఇదే.

వెబ్‌సైట్‌లో ఒకేసారి డబ్బు కట్టినంత మాత్రాన ఒకే టికెట్ అయిపోదు. ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ అని ఉన్నా, రెండు పీఎన్ఆర్‌లు వచ్చినా విడి టికెట్లనే అనుకోండి.

వ్యవధిని చివరి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. టొరంటో విమానం రాత్రి 2 గంటలకు అనుకుందాం. (10వ తేదీ 2 గంటలంటే 9వ తేదీ రాత్రే ఢిల్లీ ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఇక్కడ పొరపడటం చాలా తేలిక.) కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. పెద్ద పెట్టెలతో క్యూ ఉంటుంది కాబట్టి 11కే అక్కడుండాలి. దేశీయ విమానం టెర్మినల్ 1లో దిగితే, అంతర్జాతీయ విమానం ఎక్కడానికి బస్సులోనో ట్యాక్సీలోనో టెర్మినల్ 3కి వెళ్లాలి. దానికో ముప్పావుగంట, దిగి పెట్టెలు అందుకోవడానికి ఇంకో ముప్పావుగంట వేసుకుంటే, 9:30కల్లా ఢిల్లీలో దిగాలి.

అయితే ఇందులో ఆలస్యానికి చోటే లేదు. మూడు గంటలు కలుపుకుని 6:30కి దిగే విమానం తీసుకుంటే ఆలస్యాన్ని తట్టుకోవచ్చు. అదే రద్దయితే? అందుకే గంటలతో పాటు ఇంకోటి చూడాలి: మీ విమానం ఎగరకపోతే, దాని తర్వాతిదైనా 9:30లోపు ఢిల్లీ చేరుతుందా? అలాంటిది లేకపోతే ముందు రోజే వెళ్లడం మేలు. డిసెంబరు చివర, జనవరిలో ఢిల్లీలోనూ గన్నవరంలోనూ పొగమంచు వల్ల పొద్దుటి విమానాలు కూడా నమ్మకం కాదు. ఆ రోజుల్లో ఢిల్లీలో ఒక రాత్రి బస ఖర్చును టికెట్ ధరలో కలిపే పోల్చుకోండి.

సామాను సంగతీ అంతే. టొరంటో టికెట్‌లో 23 కిలోల పెట్టెలు రెండు ఉచితమైనా, దేశీయ ఎకానమీ టికెట్‌లో సాధారణంగా 15 కిలోలే. మిగతాదానికి కిలోల లెక్కన కట్టాలి.

విదేశంలో మారేటప్పుడు చిక్కు ఇంకా పెద్దది. పెట్టెలు తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే సాధారణంగా ఆ దేశంలో అడుగుపెట్టే వీసా కావాలి. అది లేకపోతే మన ఊళ్లోనే మొదటి విమానం ఎక్కనివ్వకపోవచ్చు.

గన్నవరంలోనే ఆలస్యం ఖాయమని తెలిస్తే, అక్కడి నుంచే రెండో ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేయండి. విమానం బయల్దేరకముందైతే, టికెట్ నిబంధనలు ఒప్పుకుంటే, రుసుమూ ధరలో తేడా కట్టి తేదీ మార్చుకోవచ్చు. నో షో పడ్డాక ఆ దారి చాలా టికెట్లకు ఉండదు.