స్టిక్కర్ చుట్టూ తెల్ల అంచు

డై-కట్ స్టిక్కర్‌లో బొమ్మ చుట్టూ తెల్ల అంచు వదిలేది అందం కోసమే కాదు. కోత యంత్రపు బ్లేడు అనుకున్న గీత మీదే నడవదు. కొద్దిగా పక్కకు జరుగుతుంది. అంచు లేకుంటే ఆ తేడాకు బొమ్మలోని కుక్క చెవి కొస తెగిపోతుంది. అంచు ఉంటే తేడా తెలుపులోనే కలిసిపోతుంది.

బొమ్మ నకలుకు తెల్లరంగు నింపి, కాస్త పెద్దది చేసి వెనక పెడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ అలా పెంచితే మధ్య నుంచి దూరంగా ఉన్న భాగాలు ఎక్కువ జరుగుతాయి, దగ్గరివి తక్కువ జరుగుతాయి. తోక కొసన తెలుపు వెడల్పుగా వస్తుంది, కాళ్ల లోపలి వైపున అసలు కనిపించనే కనిపించదు. అందుకే పెంచాల్సింది బొమ్మను కాదు, సెలెక్షన్‌ను. అప్పుడు అంచులోని ప్రతి చోటూ ఒకే దూరం బయటికి జరుగుతుంది.

ఉదాహరణకు, నేపథ్యం తీసేసిన కుక్క ఫొటోను అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 75 మిల్లీమీటర్ల ఎత్తున అచ్చు వేయాలనుకుందాం. అంచు 3 మిల్లీమీటర్లు కావాలంటే సుమారు 35 పిక్సెళ్లు. సైజు ముందే ఖాయం చేసుకోవాలి. తర్వాత బొమ్మను రెట్టింపు చేస్తే అంచూ రెట్టింపవుతుంది. ఉచితంగా దొరికే గింప్‌లో మొదట కాన్వాస్‌ను నాలుగు వైపులా 50 పిక్సెళ్లు పెంచాలి. చోటు లేకపోతే అంచు అక్కడ గోడ కట్టినట్టు తిన్నగా ఆగిపోతుంది. తర్వాత బొమ్మ లేయర్ మీద Alpha to Selection, ఆపైన Select మెనూలో Grow తెరిచి 35 ఇవ్వాలి. కాన్వాస్ అంత కొత్త లేయర్‌ను కుక్క కింద పెట్టి, ఆ సెలెక్షన్‌లో తెలుపు నింపితే అంచు తయారు. ఫొటోషాప్‌లో Expand వాడితే వంపులు పలకలుగా రావచ్చు. అక్కడ లేయర్‌కు బయటివైపు Stroke ఇవ్వడమే మేలు.

రెండు పక్కల నుంచీ మూడేసి మిల్లీమీటర్లు పెరగడంతో ఆరు మిల్లీమీటర్లకన్నా ఇరుకైన సందులు పూడిపోతాయి. కాళ్ల మధ్య పది మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే అందులో నాలుగే మిగులుతాయి. అంత చిన్న రంధ్రాన్ని కోసి, లోపలి ముక్కను ఊడదీయడం చికాకు పని. నాలుగు వైపులా మూసుకున్న రంధ్రమైతే Remove Holes దాన్ని పూడ్చేస్తుంది. కింద తెరిచి ఉన్న సందును బ్రష్‌తో తెలుపు పూసి మూయాలి.

నేపథ్యం తీసేటప్పుడు మిగిలిపోయిన ఒక్క చుక్క కూడా పెరిగి, ఆరు మిల్లీమీటర్ల తెల్ల బిళ్లగా తేలుతుంది. తెల్ల స్క్రీన్ మీద అది కనబడదు. అన్నిటికన్నా కింద ముదురు నీలం లేయర్ వేస్తే చుక్కలు, సన్నని మీసాల చుట్టూ వచ్చిన ఉబ్బులు బయటపడతాయి.

సాధారణ ప్రింటర్ తెలుపును అచ్చు వేయదు; ఆ తెలుపు స్టిక్కర్ షీటుదే. పారదర్శక షీటు మీద ఇదే ఫైలు వేస్తే అంచు అద్దంలా మిగులుతుంది. అక్కడ తెల్ల ఇంకు ఉన్న యంత్రం కావాలి, తెలుపు ఎక్కడెక్కడ పడాలో ప్రెస్సుకు విడిగా చెప్పాలి.