కుడివైపు గడిలో ఏముంది?

కాగితం మీద త్రిభుజం గీసి కోణమానినితో కొలిస్తే ఒకరికి 179 డిగ్రీలొస్తాయి, పక్కవాడికి 181. మూడు మూలలూ చింపి పక్కపక్కనే పేరిస్తే అంచు తిన్నగానే కనిపిస్తుంది. కానీ కనిపించడం వేరు, నిరూపించడం వేరు. మనం చింపని త్రిభుజం సంగతేమిటి?

దానికి జవాబును రెండు గడుల్లో రాసే పద్ధతి 20వ శతాబ్దం మొదట్లో అమెరికా హైస్కూళ్లలో స్థిరపడింది. ఎడమవైపు చెప్పే మాట, కుడివైపు ఆ మాట అనడానికి మనకున్న హక్కు.

ABC త్రిభుజంలో BC అడుగున, A పైన ఉన్నాయనుకుందాం.

| సోపానం | కారణం |
|---|---|
| 1. A గుండా BCకి సమాంతరంగా PQ గీశాం. P ఉన్నది B వైపు | నిర్మాణం |
| 2. ∠PAB = ∠ABC | PQ ∥ BC, AB తిర్యగ్రేఖ; ఏకాంతర కోణాలు |
| 3. ∠QAC = ∠ACB | PQ ∥ BC, AC తిర్యగ్రేఖ; ఏకాంతర కోణాలు |
| 4. ∠PAB + ∠BAC + ∠QAC = 180° | PAQ సరళ కోణం |
| 5. ∠ABC + ∠BAC + ∠ACB = 180° | 2, 3లను 4లో ప్రతిక్షేపించగా |

అడుగున ఉన్న రెండు కోణాలూ పైకెక్కి A పక్కన చేరాయి, అంతే. ఈ బొమ్మ పైథాగరస్ శిష్యులదని ప్రోక్లస్ రాశాడు. యూక్లిడ్ మాత్రం BCని పొడిగించి, సమాంతర రేఖను C దగ్గర గీశాడు.

పిల్లలు ఎక్కువగా జారేది రెండో సోపానంలో. ∠PAB = ∠ACB అని రాసేసి, మూడో దాన్నీ అలాగే తారుమారు చేస్తారు. తమాషా ఏమిటంటే, చివర్లో 180 వచ్చేస్తుంది! తప్పు బయటపడదు. B దగ్గర 50°, C దగ్గర 70° ఉండేలా గీసి చూడండి: ∠PAB 50 డిగ్రీలే, 70 కాదు. సమద్విబాహు త్రిభుజం గీసుకుంటే ఆ తేడా కూడా తెలియదు. అందుకే బొమ్మ కాస్త వంకరగా ఉండటమే మంచిది. పెన్సిల్ ఎత్తకుండా P నుంచి A, A నుంచి B, B నుంచి C దాకా గీయండి. ఇంగ్లీషు Z ఆకారం వస్తుంది. ఏకాంతర కోణాలు ఆ Z రెండు మడతల్లోనే ఉంటాయి.

ఇంకో పొరపాటు ఇంతకంటే సూక్ష్మం. ఏకాంతర కోణాలు సమానమైతే రేఖలు సమాంతరాలు అన్నది ఒక సిద్ధాంతం. రేఖలు సమాంతరాలైతే ఆ కోణాలు సమానం అన్నది దాని విపర్యయం. మనకు కావలసింది రెండోది. మొదటిదాన్ని యూక్లిడ్ తన ఐదో స్వీకృతం జోలికి పోకుండానే నిరూపించాడు. రెండోదానికి మాత్రం అది లేకుండా కుదరలేదు. అంటే పట్టిక బరువంతా 2, 3 సోపానాల కుడి గడుల మీదే ఉంది.

గ్లోబు మీద ఇదే ప్రయత్నించండి. ఉత్తర ధ్రువం నుంచి 90 డిగ్రీల ఎడంలో రెండు రేఖాంశాలను భూమధ్యరేఖ దాకా దించితే వచ్చే త్రిభుజంలో మూడు కోణాలూ 90 డిగ్రీలే, మొత్తం 270. గోళం మీద తిన్నని దారులంటే గోళాన్ని సరిగ్గా సగానికి కోసే వృత్తాలే. ధ్రువం గుండా పోయే అలాంటి ప్రతి వృత్తమూ భూమధ్యరేఖను ఖండించి తీరుతుంది. అక్కడ మొదటి సోపానమే రాయలేం.