రష్యన్‌లో ‘లేదు’ అంటే మాట రూపు మారుతుంది

రష్యన్‌లో ఒక వస్తువు ఉందని చెప్పేటప్పుడు దాని పేరు ప్రథమా విభక్తిలో ఉంటుంది. అదే వస్తువు లేదని చెబితే ఆ పేరు షష్ఠీ విభక్తిలోకి మారుతుంది. ‘ఉ మిన్యా యెస్త్ వ్రేమ్య’ అంటే ‘నాకు సమయం ఉంది’. ‘ఉ మిన్యా న్యెత్ వ్రేమెని’ అంటే ‘నాకు సమయం లేదు’. సమయాన్ని చెప్పే ‘వ్రేమ్య’ రెండో వాక్యంలో ‘వ్రేమెని’ అయింది. కారు అనే అర్థమున్న ‘మషీన’ కూడా ఇలాగే ‘న్యెత్’ తర్వాత ‘మషీని’ అవుతుంది.

‘ఐ డోన్ట్ హ్యావ్ ఎనీ టైమ్’ అనే ఇంగ్లిష్ వాక్యాన్ని మాటకు మాట రష్యన్‌లోకి మార్చబోతే మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. ఇంగ్లిష్‌లో ‘నేను’ కర్త, సమయం కర్మ. రష్యన్‌లో సమయం నా దగ్గర ఉందా లేదా అన్నదే విషయం. ‘ఉ మిన్యా’ అంటే అక్షరాలా ‘నా దగ్గర’. ఇక్కడ తెలుగువారికి పని సులువు, ఎందుకంటే తెలుగులోనూ ‘నాకు ఉంది’, ‘నా దగ్గర లేదు’ అనే అంటారు. ఇంగ్లిష్ మీదుగా వెళ్లకుండా తెలుగు నుంచి నేరుగా రష్యన్‌లోకి వెళితే వాక్యం సగం కుదిరినట్టే. ‘ఎనీ’కి విడిగా మాట వెతకనక్కర్లేదు, షష్ఠీ రూపమే చాలు. ‘అసలు సమయమే లేదు’ అని నొక్కి చెప్పాలంటే ‘సఫ్‌స్యేమ్’ చేర్చి ‘ఉ మిన్యా సఫ్‌స్యేమ్ న్యెత్ వ్రేమెని’ అంటారు. ‘తీరిక లేదు’ అనే అర్థంలో ‘మ్న్యె న్యేకగ్ద’ అని రెండే మాటల్లో కూడా చెబుతారు. అందులో ‘మ్న్యె’ అంటే ‘నాకు’.

తెలుగువారు తడబడేది క్రియ దగ్గర. తెలుగులో డబ్బు లేదు, అన్న లేడు, పుస్తకాలు లేవు అంటూ లేనిదాన్ని బట్టి క్రియ మారుతుంది. రష్యన్ ‘న్యెత్’ దేనికీ మారదు. భూతకాలంలోనూ అంతే. కారు ఉండేదని చెప్పాలంటే, ‘మషీన’ స్త్రీలింగం కాబట్టి క్రియ ‘బిలా’ అవుతుంది. ఉండేది కాదని చెప్పాలంటే ‘ఉ మిన్యా న్యే బిలొ మషీని’ అనాలి. షష్ఠిలోకి వెళ్లిన మాట ఇక కర్త కాదు కాబట్టి, ఏ లింగమైనా, ఏకవచనమైనా బహువచనమైనా, క్రియ నపుంసక ఏకవచనంలోనే నిలిచిపోతుంది. భవిష్యత్తుకు ‘న్యె బూద్యెత్’ అంటే చాలు. ‘న్యే బిలా మషీని’ అని రాస్తే తప్పు. నామవాచకాన్ని సరిగ్గా మార్చినవాళ్లు కూడా క్రియను మార్చడం మరిచిపోయి చేసే పొరపాటు అది.

‘కాదు’ వేరు, ‘లేదు’ వేరు. ‘ఇది కారు కాదు’ అన్నప్పుడు ఒక వస్తువు ఉనికిని కాదనడం లేదు, అది ఏమిటన్నదాన్నే కాదంటున్నారు. అందుకే ‘ఎత న్యె మషీన’లో ప్రథమే ఉంటుంది. ఇంతకన్నా సూక్ష్మమైన తేడాను వ్యాకరణవేత్తలు తరచూ చర్చించే ఒక జత వాక్యాలు చూపిస్తాయి. ‘అత్యేత్స్ న్యే బిల్ వ్ మస్క్వే’ అంటే సాధారణంగా ‘నాన్న మాస్కోకి ఎప్పుడూ వెళ్లలేదు’ అని అర్థం. మాట ఆయన అనుభవం గురించి. ‘అత్సా న్యే బిలొ వ్ మస్క్వే’ అంటే ‘అప్పుడు నాన్న మాస్కోలో లేడు’; మాట ఆయన అక్కడ లేకపోవడం గురించి. రెండింట్లోనూ మనిషీ ఊరూ ఒకటే. అయినా ‘అత్యేత్స్’ షష్ఠిలో ‘అత్సా’ అయ్యేసరికి అర్థం తిరిగిపోతుంది. ఈ రెండు వాక్యాలూ పట్టుబడితే నియమం మొత్తం పట్టుబడినట్టే.

చూడటం, చదవడం వంటి సకర్మక క్రియల దగ్గర నియమం ఇంత గట్టిగా ఉండదు. ‘చూడలేదు’, ‘చదవలేదు’ అన్నప్పుడు కర్మ షష్ఠిలోనైనా ద్వితీయలోనైనా రావచ్చు. ఫలానా పుస్తకం అని తెలిసినప్పుడు ‘యా న్యె చితాల్ ఎతు క్నీగు’ అని ద్వితీయ సహజంగా వినిపిస్తుంది. అసలు వార్తాపత్రికలే చదవనని చెప్పేవారు ‘యా న్యె చితాయు గజ్యేత్’ అని షష్ఠి వాడతారు. నేటి వాడుక భాషలో ఇలాంటి చోట్ల ద్వితీయ ఎక్కువగా వినిపిస్తుంది. ‘న్యె ఇమేయెత్ జ్నచేనియా’ (దానికి ప్రాముఖ్యం లేదు) వంటి స్థిరపడిన పలుకుబడుల్లో మాత్రం షష్ఠి అలాగే ఉండిపోయింది. ‘న్యెత్’ తర్వాత మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఎప్పుడూ షష్ఠే.