కాశీకి బయలుదేరిన పెళ్ళికొడుకు

మా మేనకోడలు ఏడో తరగతి చదువుతోంది. మొన్న దాని బడిలో పురుషార్థాలు, ఆశ్రమాల మీద చార్టు వేసి తెమ్మన్నారు. అట్ట మీద నాలుగు మెట్లు గీసింది. మొదటి మెట్టు మీద బ్రహ్మచర్యం, 25 ఏళ్ళు, ధర్మం. రెండో దాని మీద గృహస్థం, 50 ఏళ్ళు, అర్థం. మూడోది వానప్రస్థం, 75 ఏళ్ళు, కామం. పై మెట్టు మీద సన్యాసం, 100 ఏళ్ళు, మోక్షం. రంగులు బాగా అద్దింది. అంతలో దానికే అనుమానం వచ్చింది. "అత్తా, ముసలివాళ్ళయి అడవికి వెళ్ళాక కోరికలేమిటి?" అని అడిగింది.

సరైన ప్రశ్న. ఆ చార్టులో పేర్లన్నీ ఒప్పే, జతలు మాత్రం తప్పు. నాలుగు ఆశ్రమాల పక్కన నాలుగు పురుషార్థాలను వరసగా అంటించడం మన బడుల్లో అలవాటైపోయింది. ధర్మశాస్త్రాల్లో అలాంటి పట్టిక లేదు. వయసు లెక్కా అంత సూటిగా లేదు. మనుస్మృతి ఆయుష్షును నాలుగు భాగాలు చేసి మాట్లాడుతుంది. మనిషికి నూరేళ్ళు అనుకుంటే ఒక్కో భాగం 25 ఏళ్ళు అవుతుందని ఆ అంకె వేస్తారు. కానీ అదే గ్రంథం బ్రాహ్మణ బాలుడికి ఎనిమిదో ఏట ఉపనయనం చెప్పి, మూడు వేదాల చదువుకు 36 ఏళ్ళు, లేదా అందులో సగం, లేదా పావు, లేదా చదువు పూర్తయ్యే దాకా అంటుంది. లెక్క కట్టి చూడండి. ఎనిమిదికి 36 కలిపితే 44. సగమైతే 26. పావు అయితే 17. ఒకే గ్రంథం ప్రకారం ఒకడు 17వ ఏట, ఇంకొకడు 44వ ఏట ఇంటివాడు కావచ్చు.

వానప్రస్థానికి మనువు చెప్పిన గుర్తు ఇంకా ముచ్చటైనది. అందులో ఏళ్ళ ప్రస్తావనే లేదు. ఒంటి మీద ముడతలు పడి, జుట్టు నెరిసి, కొడుకుకు బిడ్డ పుట్టడం చూసినప్పుడు బయలుదేరమంటాడు. పిల్లలకు ఇది చెబితే వాళ్ళు చప్పున తాతయ్య ముఖం గుర్తు తెచ్చుకుంటారు. 50 అన్న అంకె చెబితే ఎవరి ముఖమూ గుర్తు రాదు.

ఆ సాయంత్రం చార్టు పక్కన పెట్టి దానికి ఒక పెళ్ళి గుర్తు చేశాను. పోయిన ఏడు మా బంధువుల ఇంట్లో అది చూసిన పెళ్ళే. స్నాతకం అయ్యాక పెళ్ళికొడుకు గొడుగు పట్టుకుని, చేతికర్ర తీసుకుని, పావుకోళ్ళు వేసుకుని కాశీకి బయలుదేరాడు. బావమరిది ఎదురెళ్ళి, బెల్లం ముక్క పెట్టి, మా చెల్లెల్ని చేసుకో బావా అని బతిమాలి వెనక్కి తెచ్చాడు. అందరూ నవ్వారు, ఫొటోలు తీసుకున్నారు. స్నాతకం అంటే చదువు ముగించి స్నానం చేసి గురుకులం నుంచి బయటపడటం. అక్కడ నిలబడ్డ కుర్రవాడి ముందు నిజంగానే రెండు దారులున్నాయి. ఇల్లు ఒకటి, ఇల్లు వదిలిపోవడం ఒకటి. కాశీయాత్ర వేడుక ఆ కూడలిని ఇప్పటికీ ఆడి చూపిస్తోంది.

ఇది పెళ్ళివాళ్ళు కల్పించిన సరదా అనుకోవద్దు. గౌతముడు, ఆపస్తంబుడు, బౌధాయనుడు, వసిష్ఠుడు, వీళ్ళ పేర్లతో ఉన్న ధర్మసూత్రాలు మనుస్మృతి కంటే పాతవి. వాటిలో ఆశ్రమాలు మెట్లుగా కాక దారులుగా కనిపిస్తాయి. చదువు అయినవాడు ఏదో ఒకటి ఎంచుకుని జీవితాంతం అందులో ఉండవచ్చన్న మాట వాటిలో ఉంది. గురువు దగ్గరే ముసలివాడయ్యే నైష్ఠిక బ్రహ్మచారి అలా ఉన్నవాడే. ఆ ఎంపికకు గౌతముడూ బౌధాయనుడూ అడ్డం చెప్పారు. సంతానాన్ని కనేది గృహస్థుడొక్కడే కాబట్టి అసలైన ఆశ్రమం అదొక్కటే అన్నది వాళ్ళ వాదన. తరవాత మనుస్మృతి ఈ తగవును ఒక వరసలో పెట్టి తీర్చింది. ముందు చదువు, తరవాత ఇల్లు, తరవాత అడవి, చివర సన్యాసం. దేవతలకు, ఋషులకు, పితరులకు ఉన్న మూడు ఋణాలు తీర్చకుండా మోక్షం మీద మనసు పెట్టకూడదని గట్టిగా చెప్పింది. అయినా పాత దారి మూసుకుపోలేదు. విరక్తి కలిగిన రోజే, ఏ ఆశ్రమంలో ఉన్నా, బయలుదేరవచ్చని జాబాలోపనిషత్తు అంటుంది. ఆదిశంకరులు బ్రహ్మచర్యం నుంచి నేరుగా సన్యాసానికి వెళ్ళినవారే.

ఈ నాలుగు బతుకుల్లో తేడా పిల్లలకు ఎలా చెప్పాలి? నాకు తోచిన తేలిక మార్గం రెండు సంగతులు అడగడం. నిప్పు ఎవరిది? అన్నం ఎక్కడిది?

బ్రహ్మచారి గురువుగారి అగ్నికి సమిధలు తెచ్చి వేస్తాడు, ఇంటింటికీ తిరిగి భిక్ష అడుగుతాడు. గృహస్థుడు పెళ్ళినాడు తన నిప్పు తాను వెలిగించుకుంటాడు. ఆ ఇంట్లో వండినది దేవుడికి, పితరులకు, అతిథికి, పశుపక్ష్యాదులకు పెట్టాకే తాను తింటాడు. వానప్రస్థుడు ఊరి తిండి మానేస్తాడు కానీ అగ్నిని వెంట తీసుకువెళతాడు. అడవిలో దొరికిన దుంపలూ పళ్ళతోనే అతిథికి పెడతాడు. సన్యాసికి నిప్పే లేదు. అగ్నిని తనలోనే నిలుపుకున్నానని భావించి బయటి అగ్నిని విడిచేస్తాడు. వంట లేదు, ఇల్లు లేదు, రోజుకు ఒక్కసారి భిక్ష. ఇలా చెప్పినప్పుడు ఒక విషయం పిల్లలే కనిపెడతారు. అడిగేవాళ్ళు ఇందరుంటే పెట్టేవాడు ఒక్కడే. ప్రాణులన్నీ గాలి మీద ఆధారపడినట్టు మిగతా ఆశ్రమాలన్నీ గృహస్థు మీద ఆధారపడ్డాయని మనుస్మృతి చెప్పడానికి కారణం ఆ అన్నమే.

ఇక పురుషార్థాల సంగతి. దానికీ పెళ్ళిపందిరే చోటు. కన్యాదానం వేళ ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను అతిక్రమించకూడదని పిల్ల తండ్రి అడుగుతాడు, వరుడు నాతిచరామి అంటాడు. లెక్కపెడితే మూడే. మోక్షాన్ని కూడా కలిపి చెప్పడం ఈమధ్య వింటున్నాం కానీ సంప్రదాయంగా ఉన్నది మూడే. పాత గ్రంథాలు వీటిని త్రివర్గం అన్నాయి. నాలుగోది తరవాత వచ్చి పక్కన నిలిచింది. మరి ఈ మూడూ గృహస్థుకు ఒకేసారి కావాలి. ఉదయం ధర్మం, మధ్యాహ్నం అర్థం, రాత్రి కామం అని పంచుకోవడానికి లేదు. తల్లి వైద్యానికి దాచిన డబ్బుతో బండి కొనాలనిపించిన రోజున మూడూ ఒకే గదిలో కూర్చుని తగువు పడతాయి. అందుకే ఏది పెద్దదన్న ప్రశ్న పుట్టింది.

మహాభారతం శాంతిపర్వంలో ఈ ప్రశ్న మీద నిజంగానే ఒక సభ జరుగుతుంది. తెలుగులో ఆ పర్వం తిక్కనది. యుద్ధం అయిపోయింది. అంపశయ్య మీది భీష్ముడు మాట ఆపాడు. ఇంటికి వచ్చిన ధర్మరాజు విదురుణ్ణి, నలుగురు తమ్ముళ్ళను కూర్చోబెట్టి, ధర్మార్థకామాల్లో ఏది గొప్ప, ఏది మధ్యమం, ఏది తక్కువ అని అడుగుతాడు.

విదురుడు ధర్మం అంటాడు. అర్థం దాని మీదే నిలుస్తుంది, కామం అందరిలోకీ చిన్నది. అర్జునుడు ఒప్పుకోడు. ఇది పనిచేసే నేల, సేద్యం, వ్యాపారం, పశువులు, చేతిపనులు లేకపోతే దానం దేనితో చేస్తావు, కోరిక దేనితో తీర్చుకుంటావు అంటాడు. నకుల సహదేవులు ఇద్దరూ ఒకే మాట మీద ఉండి, ధర్మంతో కలిసిన ధనం అమృతం, ముందు ధర్మం, తరవాత అర్థం, ఆపైన కామం అని సర్దుతారు. అప్పుడు భీముడు లేస్తాడు. కోరికే లేనివాడు డబ్బెందుకు సంపాదిస్తాడు, ధర్మమైనా ఎందుకు చేస్తాడు? ఋషులు తపస్సు చేసేది కూడా ఏదో కావాలనే కదా! పెరుగులో వెన్నలాగా మిగతా రెంటిలో సారం కామమే అంటాడు. అంత మాట అన్న భీముడే చివర మూడింటినీ సమానంగా చూసుకోవాలని, ఒక్కదాన్నే పట్టుకున్నవాడు తక్కువవాడని ముగిస్తాడు. భీముణ్ణి తిండిపోతుగా మాత్రమే చూపించే సినిమాలు ఈ భీముణ్ణి మనకు దూరం చేశాయి.

అందరూ అయ్యాక ధర్మరాజు మోక్షం వైపు మాట్లాడతాడు. మట్టిబెడ్డా బంగారమూ ఒక్కటే అయినవాడు ఈ మూడింటినీ దాటినవాడు అంటాడు. ఇక్కడ పిల్లలను ఆపి ఒక సంగతి అడగాలి. ఆ మాట అన్న ధర్మరాజు సన్యాసి అయ్యాడా? యుద్ధం ముగియగానే అన్నీ వదిలి అడవికి పోతానన్నాడు. తమ్ముళ్ళూ ద్రౌపదీ వ్యాసుడూ వాదించి ఆపారు. ఆ తరవాత 36 ఏళ్ళు రాజ్యం చేశాడు. అతని పురుషార్థం ఒక వైపు, ఆశ్రమం మరో వైపు. మెట్ల చార్టులో ధర్మరాజుకు చోటు దొరకదు.

అడవికి వెళ్ళినది ధృతరాష్ట్రుడు. కొడుకులు పోయాక 15 ఏళ్ళు ధర్మరాజు ఇంట్లోనే ఉండి, అతని అనుమతి అడిగి, అగ్నిహోత్రాన్ని ముందు పెట్టుకుని బయలుదేరాడు. గాంధారి, విదురుడు, సంజయుడు వెంట నడిచారు. ఎవరూ పొమ్మనకపోయినా, కొడుకులు ఏడ్చి అడ్డుపడినా కుంతి కూడా వెళ్ళింది. చివరికి ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో కార్చిచ్చులో పోయారు. కలియుగంలో వానప్రస్థం వద్దని తరవాతి ధర్మగ్రంథాలు దాన్ని కలివర్జ్యాల్లో చేర్చాయి.

ఈ పాఠంలో దాచకూడని మాట ఇంకొకటి ఉంది. ఈ నాలుగు ఆశ్రమాల ఏర్పాటు ఉపనయనం ఉన్న ద్విజ పురుషుల కోసం రాసినది. శూద్రులకు వేదాధ్యయనం లేదన్నారు కాబట్టి మొదటి ఆశ్రమం దగ్గరే తలుపు మూసుకుంది. ఆడపిల్లకు పెళ్ళే ఉపనయనం, భర్త సేవే గురుకులవాసం అని మనుస్మృతి రాసింది. తరగతిలో సగం మంది అమ్మాయిలున్నప్పుడు, అన్ని కులాల పిల్లలూ ఉన్నప్పుడు, పూర్వం అందరూ ఇలాగే బతికేవారని చెప్పడం అబద్ధం అవుతుంది. ఇది ఒక వర్గం పురుషులు తమకోసం ఊహించుకున్న ఆదర్శమని చెప్పాలి, వాళ్ళలోనూ అందరూ అలా నడవలేదని చెప్పాలి.

మా మేనకోడలు మెట్లు చెరిపి ఒక ఇల్లు గీసింది. ఇంటి ముందు భిక్షకు వచ్చిన బ్రహ్మచారి, సన్యాసి. దూరంగా అడవిలో నిప్పు దగ్గర కూర్చున్న ముసలివాళ్ళు. ఇంటి లోపల ధర్మం, అర్థం, కామం అని మూడు పేర్లు ఒకే గదిలో రాసి, మోక్షాన్ని వీధిలోకి తెరుచుకునే తలుపు మీద రాసింది. ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈసారి మెట్ల చార్టు అడగకండి. ఐదుగురు పిల్లలను లేపి విదురుడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు, భీముడు అనండి, ఆ బండి డబ్బుల తగువు వాళ్ళ ముందు పెట్టండి, మాట్లాడనివ్వండి.