చెవులు కుట్టొద్దంటే ఏమర్థం?

తమిళ సినిమాలో నాయిక కోపంగా "కాదు కుత్తాదే" అందనుకుందాం. తమిళంలో 'కాదు' అంటే చెవి. ఉన్నదున్నట్టు రాస్తే "చెవులు కుట్టకు" అవుతుంది. తెలుగు ప్రేక్షకుడికి చంటిబిడ్డకు చెవులు కుట్టే వేడుక గుర్తొస్తుంది తప్ప మోసం స్ఫురించదు. ఆమె అడ్డుకుంటున్నది అబద్ధాన్ని. మన నుడికారంలో అది "నా చెవిలో పువ్వులు పెట్టకు".

ఇంతవరకు సులువే. "నాకు ఎప్పుడో చెవులు కుట్టేశారు" అని ఆమె ఎదురు జవాబిచ్చినప్పుడే అసలు చిక్కు. నీ మాటలు నమ్మడానికి నేను చంటిపిల్లను కాను అని దాని భావం. మనం పువ్వులతో మొదలుపెట్టాం కాబట్టి జవాబూ అందులోంచే రావాలి: "నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా?" చంటిపిల్ల ఊసు పోతుంది కానీ పౌరుషం, ఎత్తిపొడుపు దక్కుతాయి. నా లెక్కలో అది మంచి బేరమే.

'అల్వా కొడుత్తాన్' అంటే మాత్రం 'టోపీ పెట్టాడు' అని రాస్తే చాలు. కానీ తెరమీద తిరునల్వేలి హల్వా పొట్లం కనిపిస్తుంటే ఉత్త టోపీ అతకదు. "తీపి తినిపించి టోపీ పెట్టాడు" అని రెండూ కలపాలి. 'నామం పోట్టాన్' వస్తే దేన్నీ వెతకకండి. 'నామం పెట్టాడు' అంటే రెండు భాషల్లోనూ మోసగించాడనే.